జంతికలు మీరు వండండి, అమ్మే సంగతి నేను చూసుకుంటా: డ్వాక్రా అక్కలతో మీటింగులో మాట్లాడింది

(కోనసీమ వైపు ఒక ఊళ్ళో, గ్రామ సంఘం బిల్డింగులో జరిగిన మీటింగు ఇది. మాట్లాడినావిడకి రాజమండ్రిలో రెండు హోమ్ ఫుడ్స్ షాపులు ఉన్నాయి. ఫోన్లో రికార్డు చేసింది విని, మాట మార్చకుండా టైపు చేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల కూర్చున్న పిన్నిగారు కూడా కాస్త ముందుకి రండి, నాకు మైకు లేదు, గొంతు కూడా అంతంతమాత్రమే.

నేను వచ్చిన పని ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మీలో సగం మందికి వంటకి టైమవుతోంది, నాకు తెలుసు. నాకు వారానికి 50 కేజీల జంతికలు కావాలి. ఇప్పుడు కొంత మా ఇంటి దగ్గర చేయిస్తున్నాను, కొంత బయట కొంటున్నాను, బయట కొనేది నాకు నచ్చట్లేదు. మీ సంఘం చేసిస్తే మీ దగ్గర కొంటాను. ప్రస్తుతానికి జంతికలే. చెక్కలు, సున్నుండలు, గవ్వలు అన్నీ తర్వాత సంగతి. పూతరేకులు ఎందుకు వద్దు అని ఇందాక ఒకావిడ అడిగారు, అవి ఆత్రేయపురం వాళ్ళవండీ, 2023లో జీఐ ట్యాగు కూడా వచ్చింది వాళ్ళకి, ఆ కుండ మీద రేకు తీసే చెయ్యి మనకి ఒక నెలలో రాదు. కాజా అంటారా, తాపేశ్వరం పక్కనే ఉంది. జంతికలైతే ఈ గదిలో చెయ్యడం రాని మనిషి లేదు. అదే సుఖం, అదే ఇబ్బంది కూడా, ఇబ్బంది ఎందుకో చెప్తాను.

ఇక్కడ బల్ల మీద మూడు కవర్లు పెట్టాను చూడండి. ఎవరైనా ఇద్దరు రండి. అమ్మా మీరు రండి, అక్కా మీరు కూడా. ఒకటో కవర్లోది విరవండి... చప్పుడు వినపడిందా, టక్ మంది. అది చేసి మూడు వారాలైంది. రెండోది విరవండి. విరిగింది గానీ చప్పుడు లేదు కదా, మెత్తగా వంగి విరిగింది. అది చేసి అయిదు రోజులే. మూడోది విరవొద్దు, వాసన చూడండి చాలు.

(ఒకరు: "అమ్మో, నూనె కంపు.")

అదీ. మూడూ ఒకే పిండితో చేసినవేనండీ, ఒకే ఇంట్లో, నేను కావాలనే అలా చేయించాను మీకు చూపించడానికి. రెండోది వేడి మీద కవర్లో కట్టేశాం, లోపల ఆవిరి చెమట పట్టి మెత్తబడిపోయింది. మూడోది పాత నూనెలో వేసి, కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెట్టాం. ఆ పూట వేడివేడిగా తింటే ఈ మూడింటికీ తేడా ఎవ్వరూ చెప్పలేరు. ఇంట్లో చేసుకున్నప్పుడు మూడో రోజుకి డబ్బా ఖాళీ, కాబట్టి మనకి ఈ గొడవ తెలియదు. షాపులో అలా కాదు, మీరు చేసిన రోజు నుంచి కస్టమర్ నోట్లో పడే రోజుకి ఇరవై రోజులు పట్టొచ్చు, కొంతమంది అమెరికా పంపిస్తారు, కొరియర్లో పది రోజులు, అక్కడ వాళ్ళు దాచుకుని దాచుకుని తినేది ఇంకో పదిహేను రోజులు. అందుకని నేను మీ దగ్గర కొనేది రుచి ఒక్కటే కాదు, నెలాఖరుకి కూడా ఆ టక్ మనే చప్పుడు ఉండాలి. రుచి మీకు ఎలాగూ ఉంది, దానికి నేను నేర్పేదేం లేదు.

సరే, లెక్కలోకి వద్దాం. ఎవరైనా రాసుకోండి, మినిట్స్ పుస్తకంలోనైనా పర్లేదు.

ఒక దఫా అంటే నా లెక్కలో పిండి 10 కేజీలు. అందులో బియ్యప్పిండి 8, పుట్నాలపప్పు పిండి 2. బియ్యప్పిండి మర ఖర్చుతో కలిపి కేజీ 50 వేసుకుందాం, 400 అయింది. పుట్నాలు కేజీ 110 అనుకుంటే 220. వాము, నువ్వులు, కారం, ఉప్పు అన్నీ కలిపి 150. వేరుశనగ నూనె, పిండిలో కాచి పోసేదీ మూకుట్లో పీల్చేదీ కలిపి 4 కేజీలు, కేజీ 170 చొప్పున 680. గ్యాసుకి 150. ఇక పాతబడి పారేసే నూనె ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు, నేను 100 వేస్తాను. మొత్తం 1,700. ముగ్గురు మనుషులు ఒక పూట, తలా 250 కూలి వేస్తే 750. కలిపితే 2,450.

ఇప్పుడు సరుకు ఎంత వస్తుంది? 10 కేజీల పిండికి 13 కేజీల దగ్గర జంతికలు దిగుతాయి. అందులో విరిగినవి, మాడినవి, రుచి చూడ్డానికి పిల్లలు పట్టుకుపోయేవి (నవ్వులు) తీసేస్తే షాపుకి పనికొచ్చేది పన్నెండుంపావు కేజీలు. 2,450ని పన్నెండుంపావుతో భాగిస్తే కేజీ 200 పడింది, మీ కూలితో సహా. నేను మీకిచ్చేది కేజీకి 240. అంటే కూలి పోను దఫాకి 490 సంఘానికి మిగులుతుంది. వారానికి నాలుగు దఫాలు చేస్తే నాకు కావలసిన 50 కేజీలకి ఒక్క కేజీ తక్కువ, నాకది చాలు. విరిగిన ముక్కలు మీవే, ఊళ్ళో అమ్ముకుంటారో పంచుకుంటారో మీ ఇష్టం, అది నా లెక్కలోకి రాదు.

(వెనక నుంచి: "మరి మీరెంతకి అమ్ముతారు?")

అడగాల్సిందే. 380కి అమ్ముతాను. 240కి కొని 380కి అమ్మితే 140 మిగిలిపోతుందని మీలో మీరు అనుకుని, రెండు నెలలయ్యాక ఎవరో చెవిలో వేసి, అప్పుడు గొడవ అయ్యేకన్నా ఇప్పుడే చెప్పేస్తా. ఆటో ఖర్చు కేజీకి 8. కవరు, లేబులు, ప్యాకింగ్ చేసే అమ్మాయిలకి కలిపి 27. షాపు అద్దె, కరెంటు, కౌంటర్లో జీతం కేజీ మీద 50 పడుతుంది. అమ్ముడుపోకుండా పొడైపోయేది 10. ఇక జీఎస్టీ ప్యాకెట్టు కట్టిన నమ్కీన్ మీద 5 శాతం, 2025 సెప్టెంబరు దాకా 12 ఉండేది, తగ్గింది, ఆ 5 శాతం అంటే 380లో 18 గవర్నమెంటుకి. అన్నీ పోను నాకు కేజీ మీద 27 మిగులుతుంది. మీకు 40, నాకు 27. కాకపోతే నాకు ఇలాంటి ఐటమ్స్ చాలా ఉంటాయి కాబట్టి నాకు గిడుతుంది, నేనేం త్యాగం చెయ్యట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత లెక్కా నిలబడేది ఒక్కదాని మీద, నూనె. ఖర్చులో పెద్ద ముక్క అదే, సరుకు పాడైనా కారణం చాలాసార్లు అదే. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

ప్రతి దఫాకీ మూడు తూకాలు తూచాలి. పిండి ఎంత, నూనె మొదలుపెట్టేముందు ఎంత అయిపోయాక ఎంత, దిగిన సరుకు ఎంత. ఈ మూడు అంకెలు పుస్తకంలో రాస్తే నేను రాజమండ్రిలో కూర్చుని మీ మూకుడు దగ్గర ఏం జరిగిందో చెప్పేస్తాను. ఎలాగంటే, 10 కేజీల పిండికి 13 కేజీలు దిగాలి అన్నాను కదా. ఒకరోజు 14 దిగిందనుకోండి. అందరూ సంబరపడతారు, కేజీ ఎక్కువొచ్చింది 240 లాభం అని. కానీ పిండి పెరగదు కదండీ. ఆ ఎక్కువ కేజీ అయితే నూనె, లేకపోతే నీళ్ళు. నూనె తూకం చూస్తే 5 కేజీలు ఖర్చయిందా, అయితే జంతికలు నూనె తాగేశాయి. నూనె మామూలుగానే 4 కేజీల లోపే అయింది, అయినా సరుకు 14 వచ్చిందా, అయితే లోపల పచ్చి ఉండిపోయింది, తడి పూర్తిగా పోకుండా తీసేశారు, అది వారం తిరక్కుండా మెత్తబడుతుంది. ఈ రెండూ నాకు వద్దు.

నూనె ఎందుకు తాగుతుంది? మంట తక్కువైతే తాగుతుంది, ఇది మీకు తెలిసిందే. నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి, నేను థర్మామీటరు తెచ్చిస్తాను, మూకుడు అంచుకి తగిలించేది, కానీ అది లేకపోయినా చిన్న పిండి ముద్ద వేస్తే అడుక్కి వెళ్ళి ఉండిపోకుండా వెంటనే పైకి తేలాలి, తేలగానే ఎర్రబడిపోకూడదు. అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే తొందరలో. మూకుడు నిండా ఒకేసారి నాలుగు చుట్లు వత్తేస్తాం, చల్లటి పిండి అంత ఒక్కసారి పడేసరికి నూనె వేడి దిగిపోతుంది, బుడగలు మందగిస్తాయి, అప్పుడు తాగడం మొదలు. కాబట్టి వాయికి వాయికి మధ్య ఒక్క నిమిషం ఆగాలి. ఇంకోటి, పిండిలో కాచిన నూనె గానీ వెన్న గానీ ఎక్కువ పోస్తే గుల్లగా వస్తుందని పోస్తుంటారు, వస్తుంది, కానీ మూకుట్లో ఇంకా తాగుతుంది, పైగా ఆటోలో రాజమండ్రి వచ్చేసరికి సగం పొడి. 10 కేజీలకి అరకేజీ, అంతే. సోడా ఉప్పు అసలు ముట్టుకోవద్దు, అది వేస్తే లోపల బొరియలు బొరియలుగా అయ్యి ఆ ఖాళీల్లోకంతా నూనె పోతుంది.

(ఒకరు: "మా అత్తగారు చిటికెడు వేస్తారండి.")

ఇంట్లో వెయ్యమనండి పిన్నీ, అత్తగారితో నాకెందుకు గొడవ. (నవ్వులు) షాపు సరుకులో మాత్రం వద్దు.

ఇక మిగిలిన నూనె. ఒక దఫా అయ్యాక మూకుట్లో ఎంతో కొంత మిగులుతుంది. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, అడుగున పేరుకున్న మాడిన పిండి తీసేసి మూత పెట్టుకోవచ్చు, మర్నాడు కొత్త నూనెలో కలిపి వాడొచ్చు. కానీ ఎన్నిసార్లు? అందరూ ఇదే అడుగుతారు, దీనికి ఇన్నిసార్లు అని అంకె చెప్పడం కష్టం, మంట ఎంత పెట్టారు, పిండి ఎంత రాలింది, దాన్నిబట్టి మారిపోతుంది. చూసి చెప్పాలి. మామూలుగా జంతికలు వేసినప్పుడు వచ్చే బుడగలు పెద్దవిగా వచ్చి ఆరిపోతాయి. నూనె పాడవుతుంటే సన్నటి నురగ వస్తుంది, ఆరదు, పైన పేరుకుంటుంది. చేత్తో ముట్టుకుంటే జిగటగా ఉంటుంది. ఇదివరకటి కన్నా ముందే పొగ లేస్తుంది, కళ్ళు మండుతాయి, గొంతు పట్టేసినట్టుంటుంది. వీటిలో ఏది కనపడినా ఆ నూనె పక్కకే. ఫుడ్ సేఫ్టీ వాళ్ళకైతే దీనికి కొలత ఉంది, టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు, 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి రూలు, వాళ్ళ దగ్గర ముంచి చూసే మీటర్లుంటాయి. మన దగ్గర ఉండదు, మన ముక్కూ కళ్ళే మీటరు. అందుకే ఇందాక పారేసే నూనెకి 100 వేశాను. ఆ వంద మిగుల్చుకుందామని ఆశపడితే ఆ మూడో కవరు వాసన వస్తుంది. ఆ నూనె కాలవలో పొయ్యకండి, పక్క డబ్బాలో పోసి ఉంచండి, డీజిల్ తయారీకి కొనేవాళ్ళు టౌన్లో ఉన్నారు, నేను ఆటోలో వేసుకుపోతాను.

ఏ నూనె అనేది కూడా మాట్లాడాలి. పామాయిల్ చవక, నిజం చెప్పాలంటే నిల్వ కూడా దానితోనే ఎక్కువ ఉంటుంది, సన్‌ఫ్లవర్ తొందరగా వాసనొస్తుంది. కానీ నా లేబుల్ మీద వేరుశనగ నూనె అని ఉంటుంది, కస్టమరు ఆ మాట చూసే 380 ఇస్తున్నాడు. ఒక్క డబ్బా పామాయిల్ కలిసినా అది అబద్ధం రాసినట్టు, శాంపిల్ పట్టుకెళ్తే కేసు నా మీదా మీ మీదా ఇద్దరి మీదా. మీరు పామాయిల్‌తో వేరేవాళ్ళకి చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, ఆ నూనె వేరే డబ్బాలో, ఆ సరుకు నా కవర్లోకి రాకుండా, అంతే.

బియ్యం గురించి రెండు ముక్కలు. పాత బియ్యం కావాలి, కొత్త బియ్యప్పిండి సాగుతుంది, గొట్టంలో అంటుకుంటుంది. నూకలైనా పర్లేదు, పిండే కదా, చవక కూడా. రేషన్ బియ్యం మాత్రం వద్దు, ఎవరింట్లో ఎంత మిగిలినా సరే. అది అమ్మకం సరుకులో వాడితే కేసవుతుంది, సంఘం పేరు పోతుంది. మరకి వెళ్ళినప్పుడు మనకన్నా ముందు ఎవరైనా కారం పట్టించుకున్నారేమో అడగండి, ఉంటే మొదట ఒక అరకేజీ బియ్యం పట్టించి ఆ పిండి పక్కన పెట్టేయండి. పిండి వేడిగా వస్తుంది, గుడ్డ మీద పల్చగా పరిచి చల్లార్చాకే డబ్బాలో పొయ్యాలి. పదిహేను రోజులు దాటిన పిండి వద్దు, ముక్క వాసన వచ్చిందంటే నూనె ఎంత మంచిదైనా దాచలేదు.

వేడి మీద కవర్లో కట్టొద్దని చూశారు కదా. అలాగని రాత్రంతా పళ్ళెంలో వదిలేస్తే గాలిలో తడి లాగేస్తుంది, మరీ ఆ అక్టోబర్, నవంబర్ ముసురు రోజుల్లో, తుఫాను పట్టినప్పుడు గంటలో మెత్తబడిపోతాయి. పూర్తిగా చల్లారిన వెంటనే, ముట్టుకుంటే వెచ్చదనం అస్సలు లేనప్పుడు, డబ్బాలో మందపాటి కవరు వేసి అందులో పోసి మూతి బిగించి కట్టాలి. న్యూస్ పేపర్ మీద ఆరబెట్టకండి, ఆ సిరా నూనెకి అంటుకుంటుంది, అది వద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు కూడా చాలాసార్లు చెప్పారు. చిల్లుల పళ్ళేలు నేనిస్తాను.

ఇప్పుడు ఇందాక ఇబ్బంది అన్నానే, అది. అందరికీ చెయ్యడం వచ్చు కాబట్టి అందరూ ఎవరింట్లో వాళ్ళు చేసేస్తాం అంటారు. ఒక ఊళ్ళో అలాగే జరిగింది, ఊరి పేరు వద్దులెండి. సంక్రాంతి ఆర్డరు పెద్దదొచ్చింది, పదిమంది పది ఇళ్ళలో వండారు, పది రకాల ఉప్పు, ఒకరు వాము దంచి వేశారు ఒకరు అలాగే వేశారు, ఒకరి గొట్టంలో బిళ్ళ కన్నాలు పెద్దవి. అన్నీ ఒక గంపలో పోసి తెచ్చారు. ఏ ఒక్కటీ చెడ్డది కాదండీ, కానీ ఒకే ప్యాకెట్టులో మూడు రుచులు వస్తే కస్టమరు ఏమనుకుంటాడు? నిన్న మిగిలింది ఇవాళ్టి దాంట్లో కలిపేశారనే అనుకుంటాడు. ఎవరి సరుకు ఏదో తెలియదు కాబట్టి తప్పు ఎవరిదో కూడా తేలలేదు, ఆ సంఘంలో మాటలు ఆగిపోయాయి.

కాబట్టి వంట ఒకే చోట. ఈ బిల్డింగులో వెనక గది ఖాళీగా ఉందని మీ వీవోఏ అమ్మాయి చెప్పింది. చూశాను, కిటికీలకి జాలీ కొట్టించాలి, గచ్చు బాగానే ఉంది, నీళ్ళున్నాయి. ఇంకో కారణం కూడా ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ అనేది మనిషికి కాదు, వండే చోటుకి. పది ఇళ్ళలో వండితే పది రిజిస్ట్రేషన్లు కావాలి. ఒక గది అయితే ఒక్కటే, సంఘం పేరు మీదే, 14 అంకెల నంబరు వస్తుంది, ప్యాకెట్టు మీద ఆ నంబరే వేస్తాం. తయారీ మీ సంఘం, అమ్మకం మేము అని రెండు పేర్లూ ఉంటాయి. రేపు నేను కొనడం మానేసినా ఆ నంబరు మీదే, ఇంకెవరికైనా అమ్ముకోవచ్చు. గ్యాసు మాత్రం ఇంటి సిలిండరు తెచ్చి పెట్టకండి, 19 కేజీల కమర్షియల్ సిలిండరే. మూకుడు పక్కన బకెట్లో ఇసక, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు, నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, ఇది వంట చేసే ప్రతి ఒక్కరి చేతా చెప్పించుకుంటాను.

(ఒక లీడరు: "పెట్టుబడికి లోన్ తీసుకోమంటారా?")

వద్దండీ, ఇప్పుడే వద్దు. వారానికి నాలుగు దఫాలకి సరుకు ఖర్చు 6,800, దానికి స్త్రీనిధి దాకా ఎందుకు. నా సలహా ఏంటంటే మొదటి నెల కూలి పద్ధతి. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు అన్నీ నేను దించుతాను, పనికొచ్చే సరుకు కేజీకి మీకు 75 ఇస్తాను. దఫాకి 918 వస్తుంది. సొంతంగా కొనుక్కుని నాకు 240కి అమ్మితే కూలీ లాభమూ కలిపి 1,240 వస్తుంది. తేడా 320 పైన. ఆ తేడా ఊరికే కాదు, నూనె ఎక్కువ తాగినా మాడినా నష్టం ఎవరిదో దానికి. మొదటి నెల చెయ్యి కుదిరేదాకా ఆ నష్టం నాది. మూడు తూకాలూ వరసగా సరిగ్గా వస్తున్నాయంటే రెండో నెల నుంచి మీరే కొనుక్కోండి, అప్పుడు 240. సరుకు ఖర్చులో సగం నేను సోమవారం అడ్వాన్సు వేస్తాను, మిగతా మొత్తం శనివారం సంఘం అకౌంట్లో పడుతుంది, చేతికి డబ్బు ఇవ్వను, ఇవ్వమని అడగకండి కూడా. ఆ తర్వాత మిషన్లు, పెద్ద మూకుళ్ళు కావాలనుకున్నప్పుడు పీఎంఎఫ్ఎంఈ స్కీములో సంఘం సభ్యులకి తలా 40,000 దాకా సీడ్ క్యాపిటల్ అని పెట్టారు, అది ఇప్పుడు నడుస్తోందా లేదా మీ ఏపీఎం గారిని కనుక్కోండి.

నూనె రేటు మాటేంటి అంటారు. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచినప్పుడు గుర్తుందా, రాత్రికి రాత్రి రేట్లు ఎలా లేచాయో. అలాంటప్పుడు 240 అని రాసుకున్నాం కదా అని నేను కూర్చుంటే మీరు మునిగిపోతారు, మునిగిపోయేవాళ్ళు నూనె మారుస్తారు, అది నాకే చేటు. అందుకని కాగితంలో ఇలా రాద్దాం: వేరుశనగ నూనె కేజీకి 10 రూపాయలు పెరిగితే దఫాకి 40 పెరిగినట్టు, అంటే జంతికల కేజీకి 3 రూపాయల పావలా. ప్రతి పదికీ అంత పెంచుతాను. తగ్గితే అంతే తగ్గిస్తాను. రెండు వైపులా ఒకటే లెక్క.

ఇక వెనక్కి వచ్చే సరుకు. దీని మీదే ఎక్కువ స్నేహాలు చెడతాయి. ప్రతి దఫాలోంచి రెండు చిన్న ప్యాకెట్లు, తలా 200 గ్రాములు తీసి తేదీ రాసి సీలు చేద్దాం, ఒకటి మీ బీరువాలో, ఒకటి నా దగ్గర. ఫలానా తేదీ సరుకు మెత్తబడిందనో వాసనొచ్చిందనో కంప్లైంటు వస్తే మీ బీరువాలోది అందరి ముందూ విరుస్తాం. అది టక్ మందంటే మీ వంట బాగానే ఉంది, నా షాపులోనో కొరియర్లోనో పాడైంది, నష్టం నాది. అదీ మెత్తగా ఉంటే వంటలో తేడా, ఆ దఫాలో తిరిగొచ్చినంత మేర మీరు మళ్ళీ చేసివ్వాలి. ఫోన్లో నేను బాగాలేదన్నాను, మీరు బాగుందన్నారు అనే వాదన ఉండదు. నలభై రోజులయ్యాక ఆ ప్యాకెట్లు మీరే తినేయండి.

(ఒకరు: "నాట్లప్పుడు, కోతలప్పుడు మాకు కుదరదు కదా, అప్పుడెలా?")

మంచి మాట అడిగారు వదినా. ఆ నెలల్లో నాలుగు దఫాలు కాదు రెండు చెయ్యండి, కానీ పదిహేను రోజుల ముందు చెప్పండి, నేను వేరే చూసుకుంటాను. నా వైపు నుంచి కూడా మాటిస్తున్నాను, నాకు గిరాకీ లేకపోయినా మూడు నెలల పాటు వారానికి మూడు దఫాల సరుకు ఖచ్చితంగా తీసుకుంటాను, అమ్ముడుపోకపోతే అది నా తలనొప్పి. దసరా, సంక్రాంతికి మాత్రం రెట్టింపు అడుగుతాను, కానీ రెట్టింపు అన్నానని గదిలో ఆరుగురు దూరి మూకుడు నింపేయడం కాదు, ఇరవై రోజుల ముందు నుంచి రోజుకో దఫా చొప్పున మొదలుపెడదాం, నిల్వ ఉంటుంది కదా, ఆ ధైర్యం కోసమే ఇంత నూనె పురాణం చెప్పింది.

మీలో పదిమంది ఉన్నారు, ముగ్గురికే పని కదా అని మొహాలు చూసుకుంటున్నారు, కనిపిస్తోంది. ఎవరు వండాలి, వంతులా, ఎప్పుడూ వాళ్ళేనా, అది మీ తీర్మానం, నేను వేలు పెట్టను. నాదొక్కటే కోరిక, మూకుడు దగ్గర కూర్చునే మనిషి మొదటి నెల మారకూడదు. పిండి కలిపేవాళ్ళు, వత్తేవాళ్ళు మారొచ్చు. లాభం 490 మాత్రం సంఘానిది, ఆ రోజు వండినవాళ్ళది కాదు, వాళ్ళకి కూలి వేరే వస్తోంది కదా. ఇది ముందే పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడే ఒప్పుకోమనట్లేదు. వచ్చే గురువారం ఒక దఫా ట్రయల్ వేద్దాం, సరుకంతా నేను తెస్తాను, కాటా, థర్మామీటరు కూడా. మీరు గొట్టాలు తెండి, బిళ్ళ మాత్రం అందరిదీ ఒకే సైజు చూసుకోండి. ఆ రోజు కూలి ఇచ్చేస్తాను, సరుకు ఎలా వచ్చినా సరే. రెండు ప్యాకెట్లు సీలు చేసి ఈ బీరువాలోనే పెట్టి, మూడు వారాలయ్యాక మీ నెల మీటింగు రోజున వస్తాను, అందరం కలిసి విరిచి చూశాకే వంద రూపాయల స్టాంపు కాగితం సంగతి. ఆ మూడు వారాల్లో ఇంకెవరైనా నాకన్నా మంచి రేటు చెప్తే వాళ్ళ లెక్క కూడా ఇలాగే విడదీసి చెప్పమనండి, అప్పుడు మీరే తేల్చుకోండి.

(ఒకరు: "గురువారం పొద్దున్నా, మధ్యాహ్నమా?")

పొద్దున్నే పెట్టుకుందాం అక్కా, ఎనిమిదింటికల్లా నేనుంటాను. ఎండెక్కాక ఆ గదిలో మూకుడు దగ్గర కూర్చోలేరు.